మడిచిన కాగితం

మా అవ్వ హోసూరులో ఇంటి ముందుగదిలోనే సంబంధాలు చూస్తుంది. బోర్డు లేదు. ఉన్నవి రెండు పొడుగు నోటుబుక్కులు, ఒకటి ఆడపిల్లలకు, ఒకటి మగపిల్లలకు. ఒక్కొక్కరికి ఒక కాగితం. పైసగంలో వయసు, ఎత్తు, చదువు, నక్షత్రం, గోత్రం. కిందిసగంలో పేరు, ఇంటిపేరు, అడ్రసు, ఫోను. కిందిసగాన్ని మడిచి పిన్ను కొడుతుంది. అడిగినవాళ్లకు పైసగమే చదివి వినిపిస్తుంది. నచ్చితే రెండోవైపు వాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నాకే పిన్ను తీస్తుంది.

పోయిన ఏడు మా వీధి అయ్యవారు వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు. వీధిలో ఇద్దరు కొట్లాడుకుంటే తగవు తీర్చేది ఆయనే. అలాంటి మనిషి చీకటి పడ్డాక వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డారు. కూతురికి విడాకులైన సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. పిల్ల టీచరని రాస్తే ఇట్టే పట్టేస్తారని, అవ్వ "బెంగళూరులో ఉద్యోగం" అని మాత్రం రాయించింది. రాసేది నేనే.

"రెండో పెళ్లి అన్నమాట కిందిసగంలో రాయించమ్మా. పైన చూస్తే ఎవరూ ముందుకు రారు" అన్నారాయన.

అవ్వ ఒప్పుకోలేదు. "పేరు ఎన్నాళ్లయినా దాస్తాను అయ్యవారూ, ఇది దాయను. పెళ్లిచూపులయ్యాక తెలిస్తే మాటపడేది మీ బిడ్డే." కోర్టు డిక్రీ నకలు కూడా చూసి, తిరిగి ఆయన చేతికే ఇచ్చేసింది.

నెల తిరగకుండానే ఒక సంబంధం కుదిరేలా కనబడింది. పైసగం జిరాక్సు తెమ్మని అవ్వ నన్ను పంపింది. మడత సరిగ్గా పడటం లేదని నేను పిన్ను తీసి మొత్తం కాపీ చేయించాను, కిందిసగం ఇంట్లో కత్తిరించుకోవచ్చులే అని. కాపీ తెచ్చుకున్నాను, అసలు కాగితం మిషను మీదే మరిచిపోయాను. గంట తరువాత పరిగెత్తి వెళితే, అంగడాయన భార్య దాన్ని జాగ్రత్తగా ఎత్తిపెట్టింది. చదివి మరీ.

మూడోనాడు పాలబూతు దగ్గర ఎవరో అవ్వనే అడిగారు, "అయ్యవారి పిల్ల వచ్చేసిందంట కదా?"

ఆ సాయంత్రం ఆయన వచ్చారు, ఈసారి వెలుగుండగానే. కేకలేస్తారనుకున్నాను. కాగితం, ఫోటోలు అడిగారు, అంతే. ఇచ్చిన ఫోటోలు మూడు. మూడూ లెక్కపెట్టుకున్నారు. "తప్పు నా ఇంట్లోనే జరిగింది" అంది అవ్వ, నా పేరు ఎత్తకుండా. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ముందుకొచ్చి చెప్పలేకపోయాను. ఆ సంబంధం కూడా అక్కడే ఆగిపోయింది.

అప్పటినుంచి మా ఇంట్లో జిరాక్సు లేదు. అవ్వ చదువుతుంది, పైసగం నేను చేత్తో రాస్తాను.

పోయిన నెల అయ్యవారు మళ్లీ వచ్చారు. అవ్వకంటే నమ్మకమైనవాళ్లు దొరకలేదో, ఇక దాచేదేమీ లేదనుకున్నారో అడగలేదు. కాగితం ఆయనే రాసుకొచ్చారు. "రెండో పెళ్లి" అన్నది పైసగంలోనే ఉంది. కిందిసగం ఇంట్లోనే మడిచి, ఒకటి కాదు, మూడు పిన్నులు కొట్టి తెచ్చారు.