రేటెంత అంటే తేదీ అడుగు వదినా

వదినా, ఆ ఫోను పక్కన పెట్టి కాస్త గోడ దగ్గరికి రా. నిన్న నువ్వు పెట్టిన మెరూన్ చీర వీడియో చూశాను. జరీ అంచు భలే పడింది. కింద కామెంట్లూ చూశాను. ఒకావిడ "రేటెంత అక్కా" అంది, ఇంకొకావిడ కన్నడంలో "బెలె ఎష్టు" అంది, ఎవరో పిల్ల ఉత్త PP అని కొట్టి పోయింది. నువ్వేమో అందరికీ ఒకటే జవాబు: "మెసేజ్ పెట్టాను, చూడండి."

చూడరు వదినా. కనపడితేగా చూడటానికి! వాళ్లు మన పేజీని ఫాలో అవకపోతే మనం ముందుగా పంపిన మెసేజ్ రిక్వెస్టుల అరలోకి పోతుంది. ఆ అర తెరిచి చూసేవాళ్లు తక్కువ. అదే వాళ్లు ముందు మనకి మెసేజ్ పెట్టారనుకో, మన జవాబు వాళ్ల ఇన్‌బాక్సులోనే పడుతుంది. అందుకే నేను కామెంటు కిందే రేటు రాసేసి, "మీరొక మెసేజ్ పెట్టండి, పల్లూ వీడియో పంపుతా" అంటాను.

ఏంటీ, పక్క వీధి కొట్టువాళ్లు చూస్తారనా? చూడనీ. వాళ్లకి మన ఆనేకల్ మగ్గాల ధరలు మనకంటే ముందే తెలుసు. తెలీకపోయినా ఇంకో పేరుతో వచ్చి అడుగుతారు. రేటు దాచితే కొనేవాళ్లకే అనుమానం, మనిషిని బట్టి ధర చెప్తున్నారేమోనని.

అలాగని "7,500" అని అంకె ఒక్కటే పడేసి ఊరుకోకు. ఉత్త అంకె చూస్తే ఎవరికైనా ఎక్కువే అనిపిస్తుంది. ఆ మెరూన్ చీరకి నేనైతే ఇలా రాస్తాను: "7,500 అండీ, బెంగళూరులో ఎక్కడికైనా కొరియర్ కలిపి. చేమగ్గం పట్టు, బ్లౌజ్ గుడ్డ ఉంది, సిల్క్ మార్క్ చీటీ ఉంది. ఈ రంగులో ఒకటే ఉంది. మీకు ఏ తేదీకి కావాలి?" కన్నడంలో అడిగితే కన్నడంలోనే చెప్తాను. మన ఊళ్లో రెండూ రాకపోతే ఎలా!

ఆ చివరి ప్రశ్న ఉంది చూశావూ, నా వ్యాపారమంతా దాని మీదే నడుస్తోంది. "నచ్చిందా అండీ?" అని అడిగితే "చూస్తున్నా" అని జారుకుంటారు. పట్టుచీర ధర ఊరికే అడిగేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ చాలామంది వెనకాల ఒక ముహూర్తం ఉంటుంది. తేదీ అడిగితే అది బయటికొస్తుంది. ఊరికే అడిగినవాళ్లు "ఏం లేదక్కా, బాగుందని" అంటారు. వాళ్లకి ఒక దండం, మన టైం మిగులుతుంది.

మొన్న వైట్‌ఫీల్డ్ నుంచి ఒకావిడ ఇలాగే రేటడిగింది. తేదీ అడిగితే 22న గృహప్రవేశం అంది. ఇక లెక్క నేను వేసి చెప్పాను. బ్లౌజ్ కుట్టడానికి వారం పెట్టుకోండి, ఫాల్‌కీ పల్లూ కుచ్చులకీ రెండు రోజులు, దారిలో రెండు రోజులు. మొత్తం పదకొండు. అంటే 11వ తేదీకి చీర ఇక్కణ్ణుంచి బయల్దేరాలి. "ఒక్కటే ఉంది, త్వరపడండి" అని నేను అరవక్కర్లేకపోయింది. లెక్క చూసుకుని ఆవిడే త్వరపడింది. ఇంకా నెలన్నర టైం ఉంటే అదీ చెప్తాను: "తొందరేం లేదండీ, ఆలోచించుకోండి." అబద్ధపు తొందర పెడితే రెండోసారి మన మాట ఎవరు నమ్ముతారు?

తర్వాత ఆవిడ అడిగిందీ అందరూ అడిగేదే: "ఏమన్నా తగ్గిస్తారా?" ఇక్కడే నువ్వు ఐదొందలు కొట్టేస్తావు, నాకు తెలుసు. పైన అందరికీ 7,500 అని రాసి, లోపల 7,000కి ఇస్తే, రేపు ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి ఫోన్లు చూసుకుంటే నీ పని అయిపోయింది. అదే చీర ధర కదిలించకు. "మీరు ఎంతలో అనుకుంటున్నారండీ?" అని అడుగు. ఆరువేలంటే, చిన్న అంచుదో, జరీ తక్కువదో ఆ ధరలో ఉన్నది చూపించు, ధర ఎందుకు తగ్గిందో కూడా చెప్పు. లేదూ ఆవిడ మనసు మెరూన్ మీదే ఉందనుకో, కుచ్చులు మన చేత్తో కట్టి ఇస్తానను. ఆవిడకి దర్జీ దగ్గర ఖర్చు తప్పుతుంది, మన ధర మాట నిలుస్తుంది. వైట్‌ఫీల్డావిడ కుచ్చులకే ఒప్పుకుంది.

కొందరు తగ్గించమని అడుగుతారు గానీ వాళ్ల బాధ ధర కాదు వదినా, "అసలు పట్టేనా" అని. ముఖం చూడకుండా అంత డబ్బు పంపాలంటే భయం ఉండదా? అలాంటివాళ్లకి రేటు తగ్గిస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది! కిటికీ దగ్గర పగటి వెలుతురులో చిన్న వీడియో తియ్యి. పల్లూ, అంచు, చీర వెనకవైపు, సిల్క్ మార్క్ చీటీ మీది హోలోగ్రామ్, నంబరు అన్నీ కనపడాలి. ట్యూబ్‌లైటు కింద తీస్తే మెరూన్ గోధుమరంగులోకి తిరిగి, చీర అందాక గొడవ. అన్నట్టు, మనం ట్రాఫిక్‌లో తిట్టుకునే సిల్క్ బోర్డ్ జంక్షన్ ఉందే, ఆ పేరు వచ్చిన కేంద్ర పట్టు మండలివాళ్లు 2004లో మొదలుపెట్టిందే ఈ సిల్క్ మార్క్. సభ్యత్వం ఉన్నవాళ్లకే ఆ చీటీ ఇస్తారు. నువ్వు తెచ్చుకునే నేతగాడికి సభ్యత్వం ఉందో లేదో కనుక్కుని, ఉంటేనే రాయి.

సరేనన్నాక వాళ్లని వెతుక్కోనివ్వకు. ఒకే మెసేజ్‌లో చీర ఫొటో, మొత్తం ధర, యూపీఐ క్యూఆర్, "పేరు, అడ్రసు, పిన్‌కోడు, ఫోను నంబరు పంపండి", చీర ఎప్పటిదాకా పక్కన పెడతావో, అన్నీ పెట్టెయ్యి. నేను సాయంత్రం 6 దాకా ఉంచుతాను. ఈలోగా ఇంకొకరు అడిగితే ఉన్నమాటే చెప్తాను, ఒకరికి ఉంచాను, 6 తర్వాత చెప్తానని. డబ్బు పంపామని స్క్రీన్‌షాట్ పెడతారు చూడు, దాన్ని నమ్మి చీర కట్టకు. బ్యాంకు ఖాతా తెరిచి జమ పడిందో లేదో చూసుకో. డబ్బు రావడానికి నిన్ను పిన్ కొట్టమంటే అది మోసమే, మనకి వచ్చే డబ్బుకి పిన్ అక్కర్లేదు.

చూసి జవాబివ్వనివాళ్లా? మర్నాడు ఒకే ఒక్కసారి పలకరించు. అదీ "ఏమైందండీ" అని కాదు. "మీరు చూసిన మెరూన్ ఇంకా ఉంది, 11లోగా పంపితే మీ 22కి అందుతుంది" అను. దానికీ పలకకపోతే వదిలెయ్యి. వెంటపడితే బ్లాక్ చేస్తారు.

ఇంకోటి. ఆ చీర అమ్ముడయ్యాక వీడియో తీసెయ్యకు. నెలల తర్వాత కూడా దాని కింద రేటడుగుతూనే ఉంటారు. "ఇది అమ్ముడైంది, ఇదే నేతలో ఆకుపచ్చ, నీలం ఉన్నాయి, 7,500" అని నువ్వే ఒక కామెంటు రాసి పైన పిన్ చెయ్యి. ఆ రంగులు అయిపోతే అదీ మార్చాలి, బద్ధకించకు. ఇదిగో, ఆ PP పిల్లకి ముందు రేటు రాయి, నేను పాలు పొంగకుండా చూసొస్తాను.