కిలో రేటు కాదు, డివైజర్ అడగండి

మేడ్చల్, శామీర్‌పేట వైపు నుంచి నెలనెలా పార్సిళ్లు పెరుగుతున్న చిన్న యూనిట్లు కొరియర్ వాళ్లతో కూర్చుంటే బేరమంతా కిలో రేటు మీదే నడుస్తుంది. నా లెక్కలో అసలు డబ్బు డివైజర్‌లో ఉంది. తేలికైన ప్లాస్టిక్ సామాను పెట్టిన 40×30×20 సెంటీమీటర్ల అట్టపెట్టె తూకానికి రెండు కిలోలే అనుకుందాం. ఆ కొలతల్ని గుణించి 5000తో భాగిస్తే 4.8 వస్తుంది, బిల్లు ఐదు కిలోలకి పడుతుంది. కిలో 40 రూపాయలైతే 200. పది శాతం తగ్గించామని చెప్పి 180 చేస్తారు, మనం సంబరపడతాం. రేటు ముట్టుకోకుండా డివైజర్ 6000 చేయిస్తే సరిగ్గా నాలుగు కిలోలు, 160 రూపాయలు.

బండి నిండేది బరువుతో కాదు, జాగాతో అని వాళ్లంటారు. నిజమే. అందుకే ఒప్పుకోకపోతే పెట్టె ఎత్తు 16కి దించండి, 5000తోనే నాలుగు కిలోల్లో పడుతుంది. ఇనుప బోల్టుల్లాంటి బరువు సరుకైతే ఈ వాదన చెల్లదు, అక్కడ కిలో రేటే ముఖ్యం.

చిన్నవాళ్ల మాట ఎవరు వింటారంటారా? మేడ్చల్ హైవే మీద బండి ఎలాగూ తిరుగుతుంది, పక్క షెడ్డు వాళ్లతో కలిసి ఒకే పికప్ టైమిస్తే కొరియర్ వాళ్లకి ట్రిప్పు ఖర్చు తగ్గుతుంది. కాకపోతే పెరగబోయే వాల్యూమ్‌ని మినిమమ్ గ్యారంటీగా రాసివ్వకండి. ఏ నెల ఎన్ని పంపితే ఆ నెలకి ఆ స్లాబు రేటు, అంతే. రీవెయిట్ చేసి ఎక్కువ వేస్తే టేపు పెట్టి తీసిన ఫొటో చూపించాలని కూడా ఒప్పందంలో రాయించండి.