గుండెకీ ఊపిరికీ ఒకటే తాళంచెవి

చలికాలం వచ్చిందంటే నా బ్యాగులోకి ల్యాప్‌టాప్ కంటే ముందు ఇన్‌హేలర్ వెళ్తుంది. రెండు పఫ్‌లు పీల్చగానే ఊపిరి ఆడుతుంది. కానీ కాసేపు వేళ్లు సన్నగా వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఊపిరితిత్తుల మందుకి గుండెతో ఏం పని? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే ఎఫెడ్రా అనే మొక్క తగిలింది.

ఆకులు దాదాపు కనిపించని, పచ్చటి పుల్లల్లాంటి పొద అది. చైనా వైద్యులు దాన్ని 'మా హువాంగ్' అంటారు, ఆయాసానికి ఎప్పటినుంచో వాడుతున్నారు. 1885లో జపాన్ శాస్త్రవేత్త నాగాయి దాన్నుంచి ఎఫెడ్రిన్‌ని వేరు చేశాడు. 1924లో చైనాలో చెన్, ష్మిట్ అనే ఇద్దరు అది అడ్రినలిన్ లాగే పనిచేస్తుందని చూపించారు. తేడా ఒక్కటే. అడ్రినలిన్‌ని మింగితే పేగులు, కాలేయం దాన్ని వెంటనే విరగ్గొట్టేస్తాయి. ఎఫెడ్రిన్ మాత్రం తట్టుకుని రక్తంలోకి చేరుతుంది, గంటల తరబడి ఉంటుంది. అందుకే అది మాత్రగా పనికొచ్చింది.

లోపల అది రెండు దారుల్లో పనిచేస్తుంది. మొదటిది దొడ్డిదారి. నరాల చివర్లలోకి దూరి, అక్కడ దాచి ఉన్న నార్‌అడ్రినలిన్‌ని బయటికి తోసేస్తుంది. అది గుండె మీదున్న బీటా-1 రిసెప్టర్లకి తగిలితే గుండె వేగంగా, గట్టిగా కొట్టుకుంటుంది. రక్తనాళాల మీది ఆల్ఫా-1కి తగిలితే అవి బిగుసుకుని బీపీ పెరుగుతుంది. రెండోది రాజమార్గం. ఎఫెడ్రిన్ తనే వెళ్లి శ్వాసనాళాల కండరాల మీదున్న బీటా-2 రిసెప్టర్లని తాకుతుంది. కణం లోపల సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, బిగిసిన కండరం వదులవుతుంది, దారి తెరుచుకుంటుంది.

ఆ రోజుల్లో ఒక ఆస్తమా మనిషి 25 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నాడనుకోండి. ఓ గంటలోపు ఊపిరి తేలికవుతుంది. దాంతోపాటే గుండె పరిగెడుతుంది, రాత్రి నిద్ర పట్టదు, ఎందుకంటే మందు మెదడుకీ చేరుతుంది. వెంటవెంటనే ఇంకో మాత్ర, ఇంకో మాత్ర వేస్తే? ప్రతిసారీ పని తగ్గుతుంది. నరాల్లో దాచిన నిల్వ ఖాళీ అవుతుంది, తోయడానికి ఏమీ మిగలదు. ఇది తెలియక డోసు పెంచుకుంటూ పోతే ఊపిరికి లాభం పెద్దగా ఉండదు, గుండె మీద భారం మాత్రం పెరుగుతుంది.

అందుకే 1960ల చివర్లో సాల్బుటమాల్ వచ్చింది. అది ఎక్కువగా బీటా-2నే వెతుక్కుంటుంది, పైగా నేరుగా ఊపిరితిత్తుల్లోకే పీలుస్తాం. ఒక పఫ్ అంటే 100 మైక్రోగ్రాములు, పాత మాత్రలో 250వ వంతు. అయినా కొంచెం రక్తంలో కలుస్తుంది, గుండెలోనూ కొన్ని బీటా-2లు ఉన్నాయి, చేతి కండరాల్లోనూ ఉన్నాయి. నా దడకీ వణుకుకీ కారణం అదే.

ఇప్పుడు ఎవరైనా "ఇది మొక్కే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అని బరువు తగ్గే పొడి చూపిస్తే నేను లేబుల్ చదువుతాను. ఎఫెడ్రా ఉన్న అలాంటి సప్లిమెంట్లని అమెరికా 2004లో నిషేధించింది. మొక్కలో ఉన్నా, మాత్రలో ఉన్నా గుండె మీది రిసెప్టర్‌కి తేడా తెలియదు.