ఖాతా పర్దేస్ వెళ్తే అమ్మీ దస్తఖత్ సంగతేంటి?

మన ఇళ్లల్లో ఎవరికైనా సౌదీ వీసా వచ్చిందంటే మెడికల్, టికెట్, దావత్ అన్నీ వరసగా జరిగిపోతాయి. బ్యాంకు ఖాతా సంగతి మాత్రం ఎవరికీ యాద్ రాదు. "ఖాతా అక్కడే ఉంటుంది కదా భాయ్, అదెక్కడికి పోతుంది?" అంటారు. ఖాతా ఎక్కడికీ పోదు, నిజమే. నంబరు కూడా చాలా బ్యాంకుల్లో అదే ఉంటుంది. కానీ దాని హైసియత్ మారిపోతుంది. మా తమ్ముడు రియాద్ వెళ్లినప్పుడు నేను వాడి వెంట అబిడ్స్, నాంపల్లి తిరిగాను. అప్పుడు తెలిసిన విషయాలే ఇవి.

ముందు కానూన్ సంగతి. ఫెమా అనే 1999 నాటి చట్టం ప్రకారం, ఉద్యోగం కోసం దేశం దాటిన మనిషి బయల్దేరినప్పటి నుంచే నాన్ రెసిడెంట్. ఆరు నెలలు ఆగాలి, ఏడాది గడవాలి అనే షరతు ఏదీ లేదు. అప్పటిదాకా ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా, అంటే నాన్ రెసిడెంట్ ఆర్డినరీగా మార్పించుకోవాలి.

ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల హిసాబ్ వేరు. వాళ్లు దినాలు లెక్కపెడతారు. ఉద్యోగానికి వెళ్లినవాడు ఏప్రిల్ నుంచి మార్చి లోపల ఇక్కడ 182 రోజులు ఉంటే ఆ ఏడాదికి రెసిడెంటే. మా తమ్ముడు విమానం ఎక్కింది జనవరిలో. అందుకని బ్యాంకు దృష్టిలో ఆ రోజు నుంచే పర్దేసీ, టాక్స్ దృష్టిలో మాత్రం మార్చి ఆఖరు దాకా ఇక్కడివాడే. ఆ మూడు నెలల రియాద్ జీతం కూడా ఇక్కడి రిటర్నులో చూపించాల్సి వచ్చింది. "182 రోజులు కాలేదు కదా, ఖాతా ఇప్పుడే ఎందుకు మార్చాలి?" అని అడిగేవాళ్లంతా ఈ రెండు లెక్కల్నీ కలిపేసుకుంటున్నారు.

ఇక అసలు మస్‌లా అమ్మీది. తమ్ముడి ఖాతా అబిడ్స్ బ్రాంచిలో ఉంది. మొదటి పేరు వాడిది, రెండో పేరు అమ్మీది. ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా డబ్బు వచ్చే ఏర్పాటు. అమ్మీ మందులు, కరెంటు బిల్లు, కిరాణా అన్నీ ఆ చెక్కుబుక్కుతోనే నడుస్తున్నాయి. ఫారం తీసుకున్న కౌంటర్ అమ్మాయి దాన్ని ఒకసారి చూసి, "సార్, ఇది ఎన్.ఆర్.ఓ. అయ్యాక మేడమ్ సంతకం చెల్లదు" అంది.

అమ్మీ పక్కనే కూర్చుని ఉంది. "నా దస్తఖత్ ఏం చేసింది బేటీ?" అని అడిగింది.

ఆ అమ్మాయి చెప్పింది సహీ మాటే. ఇక్కడ ఉండేవాళ్లు ఎన్.ఆర్.ఓ. ఖాతాలో రెండో పేరుగా ఉండొచ్చు, కానీ 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలోనే. అంటే మొదటి పేరున్న మనిషి బతికున్నంత కాలం ఖాతా నడిపేది ఆయనే. రెండో మనిషికి హక్కు ఆయన తర్వాతే వస్తుంది. పేరు పాస్‌బుక్కులో ఉంటుంది, ఇఖ్తియార్ ఉండదు. కొడుకు రియాద్‌లో దిగిన వారానికి చెక్కు వెనక్కొస్తే, మెడికల్ షాపు ముందు నిలబడ్డ అమ్మీకి ఈ కాయదా ఎవరు చెప్పాలి?

దీనికి రెండు దారులున్నాయి. మేం రెండూ చేశాం.

మొదటిది, అమ్మీ పేరు మీదే వేరే రెసిడెంట్ ఖాతా. అందులో అమ్మీ మొదటి పేరు, తమ్ముడు రెండో పేరు. దగ్గరి బంధువైన ఎన్నారైని ఇలా రెసిడెంట్ ఖాతాలో చేర్చుకోవచ్చు, 'ఎవరైనా ఒకరు' పద్ధతిలో కూడా. ఒక్క షరతు ఏంటంటే, ఆ ఖాతా అమ్మీ అవసరాలకే. వాడి సొంత సొమ్ము దాచుకునే జాగా కాదు. వాడి ఎన్.ఆర్.ఓ. నుంచి నెలకు 15,000 దానంతటదే అమ్మీ ఖాతాలోకి వచ్చేట్టు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాయించాం.

రెండోది, నా పేరు మీద ముఖ్తార్‌నామా, అంటే పవర్ ఆఫ్ అటార్నీ. స్టాంపు కాగితం, నోటరీ పని నాంపల్లి కోర్టుల దగ్గర అయిపోయింది. కానీ ముందు బ్యాంకునే అడగండి. చాలా బ్యాంకులకు వాళ్ల సొంత నమూనా ఉంటుంది, బయట రాయించుకున్నది తిప్పి పంపుతారు. ఈ కాగితంతో నేను ఎన్.ఆర్.ఓ. నుంచి ఇక్కడి చెల్లింపులు చేయొచ్చు. వాడి తరఫున ఎవరికీ తోఫాగా ఇవ్వలేను, విదేశంలో వాడికి తప్ప ఇంకొకరికి పంపలేను. వాడు ఇక్కడ ఉండగానే సంతకం పెట్టాడు కాబట్టి సులువుగా అయింది. రియాద్ నుంచి చేయాలంటే ఎంబసీ చుట్టూ తిరగాలి.

ఇప్పుడు సూద్ సంగతి. వడ్డీ తీసుకోవడం, తీసుకోకపోవడం ఎవరి మనసు వాళ్లది. బ్యాంకు మాత్రం వేస్తుంది, దాని మీద టాక్స్ కోస్తుంది. తమ్ముడికి 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. 7 శాతం లెక్కన ఏడాదికి 21,000. రెసిడెంట్‌గా ఉన్నప్పుడు ఇంత చిన్న మొత్తం మీద పైసా కోసేవాళ్లు కాదు. ఎన్.ఆర్.ఓ. అయ్యాక మొదటి రూపాయి నుంచే 30 శాతం, సెస్సు కలిపి 31.2 శాతం. అంటే 6,552 రూపాయలు పోయాయి. 15జీ ఫారం ఇద్దామంటే నాన్ రెసిడెంట్‌కు ఆ సౌకర్యం లేదు. మరుసటి ఏడాది వాడికి ఇక్కడ ఇంకే ఆమ్‌దనీ లేదు కాబట్టి రిటర్ను వేస్తే మొత్తం వాపస్ వస్తుంది. రిటర్ను వేయకపోతే ఆ డబ్బు సర్కారు దగ్గరే ఉండిపోతుంది.

రియాద్ జీతం కోసం విడిగా ఎన్.ఆర్.ఈ. ఖాతా తెరిపించాం. దాని వడ్డీ మీద ఇక్కడ టాక్స్ లేదు, డబ్బు ఎప్పుడైనా బయటికి తీసుకెళ్లొచ్చు. ఎన్.ఆర్.ఈ. నుంచి ఎన్.ఆర్.ఓ.కి ఒక్క మాటతో పంపొచ్చు. తిరిగి తేవాలంటే టాక్స్ కట్టినట్టు కాగితాలు చూపాలి, ఏడాదికి పది లక్షల డాలర్ల హద్దు. మనకు హద్దుతో పేచీ లేదు, కాగితాలతోనే. అందుకే జీతం ఎన్.ఆర్.ఈ.లో, పాత కంపెనీ పీఎఫ్ లాంటి ఇక్కడి డబ్బు ఎన్.ఆర్.ఓ.లో.

కాగితాల విషయానికొస్తే పాస్‌పోర్టు, వీసా పేజీ, ఉద్యోగ ఒప్పందం, పాన్, అక్కడి చిరునామా అడిగారు. కొన్ని బ్రాంచులు ఇఖామా వచ్చాకే రమ్మంటాయి. మా బ్రాంచి వర్క్ వీసా, ఆఫర్ లెటర్ చూసి ఫారం తీసుకుంది, ఇఖామా నకలు తర్వాత పంపమంది. టికెట్ చేతికి రాకముందే ఒకసారి అడిగి రండి. ఒరిజినల్స్ ఇక్కడ చూపిస్తే సరిపోయేదానికి అక్కడ నుంచి ధృవీకరించిన నకళ్లు పంపాలంటే నెలలు పడుతుంది.

ఫారం ఇచ్చాం కదా అని ఊరుకోకండి. కొత్త స్టేట్‌మెంట్ తీసి ఖాతా రకం దగ్గర NRO అని ఉందో లేదో చూడండి. పాత ఏటీఎం కార్డు, యూపీఐ ఆగిపోవచ్చు, మళ్లీ చేయించుకోవాలి. ఓటీపీ వచ్చే ఇక్కడి సిమ్‌ను రీచార్జి చేస్తూ ఉండాలి, లేదా సౌదీ నంబరు రాయించాలి.

అమ్మీ కొత్త చెక్కుబుక్కు వచ్చిన రోజు మొదటి చెక్కు అవసరం లేకపోయినా రాసింది, 500 రూపాయలకు. అది పాసయ్యాకే తమ్ముడు సూట్‌కేసు సర్దుకున్నాడు.