దిద్దుకోవడానికి రెండు రోజులు

మాది గండి ఆంజనేయస్వామి గుడికి దగ్గర్లో ఒక పల్లె. 2024 నవంబరులో మా అమ్మాయి జేఈఈ మెయిన్ దరఖాస్తు ఒక నెట్ సెంటర్‌లో పెట్టించాను. దరఖాస్తుల గడువు 22న ముగిసింది. ఇంటికొచ్చాక పాప కన్ఫర్మేషన్ పేజీని టెన్త్ మెమో పక్కన పెట్టి చూసి, "నాయనా, నా పేరూ తప్పే, అమ్మ పేరూ తప్పే" అంది. మెమోలో JAHNAVI, ఫారంలో JHANAVI. వాళ్లమ్మ LAKSHMIDEVI, ఫారంలో LAXMIDEVI.

సవరణకు ఇచ్చింది 26, 27 తేదీలు మాత్రమే. అది కూడా ఒక్కసారే. 26 పొద్దున లాగిన్ కావాలంటే అప్లికేషన్ నంబరు ఉంది గానీ పాస్‌వర్డ్ లేదు. కొత్తది పెట్టుకుందామంటే ఓటీపీ మా ఫోనుకు రాలేదు. నెట్ సెంటర్ అబ్బాయి ఫారంలో తన మొబైల్ నంబరూ, తన ఈమెయిలూ వేసుకున్నాడు. అతనేమో షాపు మూసి ప్రొద్దుటూరుకు పెండ్లికి పోయినాడు. ఆ రోజంతా ఫోన్ ఎత్తలేదు. నాకు అన్నం దిగలేదు.

27 మధ్యాహ్నం దొరికాడు. అతను చెప్పిన ఓటీపీతో లోపలికి వెళ్లాం. ముందు మొబైల్ నంబరు మారుద్దామంటే కుదరలేదు. మొబైల్, ఈమెయిల్, చిరునామా, ఫొటో మార్చడానికి వీల్లేదు. పుట్టిన తేదీ, కేటగిరీ, టెన్త్, ఇంటర్ వివరాలు మార్చుకోవచ్చు. పేర్ల దగ్గరే చిక్కుపడింది. అభ్యర్థి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఈ మూడింటిలో ఒక్కటే దిద్దనిస్తారు. మాకు తప్పు పోయినవి రెండు.

పాప చేయి మౌస్ మీదే ఆగిపోయింది. నా భార్య, "నా పేరు ఎట్లున్నా పరీక్ష రాసేది నువ్వు. నీది దిద్దుకో" అంది. అదే సరైన మాట. పరీక్ష హాల్లో గుర్తింపు కార్డుతో, రేపు సీటొస్తే టెన్త్ మెమోతో పోల్చి చూసేది ముందుగా అభ్యర్థి పేరునే. ఒక్కో అక్షరం గట్టిగా చదువుకుంటూ దిద్ది, సమర్పించి, కొత్త కన్ఫర్మేషన్ పేజీ ప్రింటు తీసుకున్నాం.

మన ఈఏపీసెట్ పద్ధతి వేరు. అక్కడ పేరు, పుట్టిన తేదీ, ఫొటో లాంటివి మనంతట మనం మార్చలేం. టెన్త్ మెమో లాంటి ఆధారాలు జతచేసి కన్వీనర్ కార్యాలయానికి విన్నవించుకోవాలి. మిగతా వివరాలు కొన్ని సవరణ రోజుల్లో మనమే దిద్దుకోవచ్చు. ఏ పరీక్షకైనా ఆ ఏడాది నోటీసు చదివాకే ఫారం తెరవాలి.

జనవరిలో అడ్మిట్ కార్డులో పాప పేరు సరిగ్గా వచ్చింది. దరఖాస్తులో వాళ్లమ్మ పేరు మాత్రం తప్పుగానే ఉండిపోయింది. ఆ తర్వాత ఈఏపీసెట్ ఫారం పెట్టిన రోజు మెమో నా చేతిలో ఉంది, ఫారంలో నా ఫోన్ నంబరు ఉంది. పాప మొదట చదివి చూసుకున్నది వాళ్లమ్మ పేరే.