స్టాండ్‌బై లిస్టులో మన పేరు ఎందుకు కదులుతుంది, ఎందుకు కదలదు

అమెరికాలో చదువుకోడానికి వెళ్లిన, వెళ్లబోతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీ కోసం.

మేమిద్దరం చికాగో నుంచి డల్లాస్ వెళ్లాలి. టికెట్ రాత్రి 7 గంటల ఫ్లైట్‌కి ఉంది. కానీ డల్లాస్ నుంచి మా యూనివర్సిటీ ఊరికి చివరి బస్సు సాయంత్రం 6:30కే. అందుకని మధ్యాహ్నం 2 గంటల ఫ్లైట్‌కి యాప్‌లో స్టాండ్‌బై పెట్టాం. స్టాండ్‌బై అంటే సీటు మిగిలితే ఇస్తారు, లేకపోతే మన పాత సీటు అలాగే ఉంటుంది.

గేటు దగ్గర స్క్రీన్ మీద 7 పేర్లున్నాయి, మావి 5, 6. ఈ వరుస ముందొచ్చినవాళ్లకే ముందు అన్నట్టు ఉండదు. మొదటి ఇద్దరూ కనెక్షన్ ఫ్లైట్ తప్పిపోయినవాళ్లు. తర్వాత ఇద్దరు ఎక్కువ ప్రయాణాలు చేసి ఎయిర్‌లైన్‌లో స్టేటస్ సంపాదించినవాళ్లు. ఆ తర్వాత మాలాంటి మామూలు వాళ్లం. మా స్థాయిలో మాత్రం ఎవరు ముందు అడిగితే వాళ్లు పైన. అందుకే చెక్-ఇన్ తెరుచుకోగానే పెట్టాలి. ఉచిత టికెట్ మీద వచ్చే ఉద్యోగులు అందరికంటే కింద.

ఎకానమీలో ఖాళీ 2 సీట్లే. మరి మాకెలా వస్తుంది? ఇక్కడే పక్కనున్న అప్‌గ్రేడ్ లిస్టు కూడా చూడాలి. ఆ లిస్టు ఎక్కువగా స్టేటస్ ఉన్నవాళ్లది, మామూలుగా అందులో మనకి చోటు ఉండదు. కానీ ముందు క్యాబిన్‌లో 2 ఖాళీలుంటే, ఎకానమీలో కూర్చోవలసిన ఇద్దరు అక్కడికి పోతారు, వాళ్ల సీట్లు వెనక ఖాళీ అవుతాయి. అలా 2 కాస్తా 4 అయింది. పై నలుగురూ ఎక్కేశారు.

ఇక మిగిలింది రానివాళ్ల సీట్లు. బయల్దేరడానికి సుమారు 15 నిమిషాల ముందు వాటిని వదిలేస్తారు. ముగ్గురు రాలేదు. మా ఇద్దరికీ, ఆఖరున ఉన్న ఉద్యోగికీ వచ్చాయి. ఆ టైంకి టీ తాగడానికో, బాత్రూంకో పోయుంటే పేరు పిలిచి, కింద ఉన్నవాళ్లకి ఇచ్చేసేవాళ్లు.

ఇంకో మాట. మా ఇద్దరిదీ ఒకే బుకింగ్. ఒక్క సీటే ఉంటే ఇద్దర్నీ దాటేసి పోయే ప్రమాదం ఉంది. "విడివిడిగానైనా వెళ్తాం" అని గేటు ఏజెంటుకి ముందే చెప్పాం. పెద్ద బ్యాగులు కౌంటర్‌లో ఇవ్వలేదు, ఇస్తే మేం ముందు పోయినా అవి రాత్రి ఫ్లైట్‌లో రావొచ్చు. అన్నిటికంటే చవక టికెట్లకి కొన్ని ఎయిర్‌లైన్స్ స్టాండ్‌బై ఇవ్వవు, కొనేముందే చూసుకోండి.

స్క్రీన్ మీద ఇంటిపేరులో మూడు అక్షరాలు, పేరులో ఒక అక్షరమే కనిపిస్తాయి. బానోతులు ఇద్దరుంటే ఇద్దరూ BAN/S కావొచ్చు. పచ్చ టిక్ చూసి సంబరపడకుండా, ఏజెంటు దగ్గర సీటు నంబరున్న బోర్డింగ్ పాస్ చేతికి వచ్చాకే కదలండి.