వెనక్కి వచ్చిన మేక

బల్లార్షా వైపు నుంచి వర్ధా వంతెన దాటితే రాజురా. 1956 దాకా ఇది హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న తాలూకా. అందుకే మరాఠీ బడి ఆవరణలోనూ తెలుగు వినిపిస్తుంది. అలాంటి ఒక బడిలో మొన్న ప్రార్థన కాగానే, ఓ విద్యార్థి తల్లి పొడుపు ఆటల గురించి పది నిమిషాలు మాట్లాడారు. మరాఠీలో మొదలుపెట్టినా, పిల్లలు తడబడిన చోటల్లా తెలుగులోకి దిగారు.

ఉపన్యాసం కంటే ముందు సుద్దముక్క తీశారు. నేల మీద రెండు గీతలు గీసి, "ఇది మన వర్ధా" అన్నారు. ఒకడు పడవవాడు. మిగతా ముగ్గురూ పులి, మేక, గడ్డిమోపు. పడవలో పడవవాడితో పాటు ఒక్కరికే చోటు. అతను దగ్గర లేకపోతే పులి మేకను తింటుంది, మేక గడ్డిని తింటుంది. తాడోబా ఉన్న జిల్లా పిల్లలకు పులి సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

పడవవాడు ముందు పులిని దాటించాడు. వెనకాల మేక గడ్డి మేసేసింది. అందరూ నవ్వారు. రెండోసారి మేకను దాటించి, ఖాళీగా వచ్చి, పులిని తీసుకెళ్లాడు. అక్కడ ఆగిపోయాడు. పులిని దించి వస్తే మేక దక్కదు.

"ఇది కాదు" అన్నాడు చేతులు దులుపుకుంటూ.

"పడవ ఖాళీగానే రావాలని నేను చెప్పానా బిడ్డా?"

కాసేపు ఎవరూ పలకలేదు. వెనక వరసలోంచి ఒక పాప, "మేకను మళ్లీ తెచ్చుకోవాలి" అంది. అంతే, ముడి విడిపోయింది. మేకను తెచ్చి ఇవతల దించి, గడ్డిని దాటించాడు. ఖాళీగా వచ్చి మేకను తీసుకెళ్లాడు. మొత్తం ఏడుసార్లు నది దాటాడు.

అప్పుడు ఆవిడ అసలు మాట చెప్పారు: "మేక మొదటి గట్టుకే వచ్చింది కదా, పని వృథా అయిందా? లేదు, ఈలోగా పులి దాటింది. వెనక్కి వేసిన అడుగు ఓటమి అనుకున్నవాడు అక్కడే ఆగిపోతాడు. ఖాళీగా రావాలన్న షరతు ఆటలో లేదు, మీరే పెట్టుకున్నారు."

తర్వాత నేను అడిగాను: "దీంతో లెక్కలు కూడా వస్తాయా అమ్మా?"

"ఈ ఆట వస్తే ఈ ఆటే వస్తుందండీ. లెక్క చేసేటప్పుడు కూడా 'ఈ షరతు నిజంగా ఉందా, నేనే పెట్టుకున్నానా' అన్న ప్రశ్న వేసుకోవడం విడిగా అలవాటు చేయాలి" అన్నారు. ఇంట్లో వాళ్ల అబ్బాయి పడవ కదిపే ముందు ఏ గట్టున ఎవరు మిగులుతారో పైకి చెప్పాలి. చెప్పకుండా కదిపితే ఊహించి ఆడుతున్నట్టే. పడవవాడితో కలిపి నాలుగింటినీ రెండు గట్లపై 16 రకాలుగా ఉంచవచ్చు, వాటిలో ప్రమాదం లేనివి 10. కాగితం మీద రాసుకుంటే, తిరిగిన చోటే తిరుగుతున్నామా అన్నది వాడికే తెలిసిపోతుంది.

మీ ఇంట్లో ఆడించాలంటే ఒక రాయి, ఒక చింతగింజ, ఒక ఆకు చాలు. జవాబు మాత్రం పెద్దలు చెప్పకండి.